సగం ఎటు పోయింది

మా ప్రాంతంలో ఇంటిగ్రేషన్ నేర్చిన ప్రతి మనిషీ నా చేతి మీదుగా వెళ్లినవాడేనని టీకొట్టు దగ్గర చెబుతుంటాను. వినేవాళ్లు కొత్తవాళ్లయితే దాన్ని ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా పొడిగిస్తాను. నిజం చెప్పాలంటే, భద్రాచలంలో నేను పనిచేసిన జూనియర్ కాలేజీలో లెక్కలకు ఇద్దరం ఉండేవాళ్లం. పిల్లలు రెండో ఆయన క్లాసుకే పరుగెత్తుకెళ్లి ముందు బెంచీలు పట్టుకునేవాళ్లు. నా క్లాసులో ముందు బెంచీలు ఎప్పుడూ ఖాళీగానే దొరికేవి.

నాకు మిగిలిన పేరంతా నోట్సు వల్ల వచ్చింది. పొడుగు పుస్తకం, నల్ల సిరా, గీత గీసినట్టుండే అక్షరాలు. పైన ప్రశ్న, కింద సాధన, చివర జవాబు చుట్టూ ఒక పెట్టె. నేను రిటైరయ్యాక కూడా ఆ నోట్సు రిటైరవలేదు. దానికి జిరాక్సు, ఆ జిరాక్సుకు జిరాక్సు, అలా తరతరాలుగా తిరిగింది. బస్టాండు పక్క దుకాణంలో "సార్ నోట్సు" అని అడిగితే ఏ సారని ఎదురడగకుండా తీసి ఇచ్చేవాడు. ఆ మాట మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. నేనే ఒకసారి ముక్కూమొహం తెలియనివాడిలా వెళ్లి అడిగి చూశాను.

రెండేళ్ల కిందట, చలికాలంలో, ఒక పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నా పాత విద్యార్థిని. భద్రాచలం దాటి అడవివైపు పోయే దారిలో ఉన్న ఒక ఆడపిల్లల గురుకుల కాలేజీలో లెక్కలు చెబుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. పిల్లలంటే ప్రాణం.

"సార్, తిన్నరా?" అంది.

"తిన్న. అసలు సంగతి చెప్పు. నేను తిన్ననో లేదో కనుక్కునేటందుకు నువ్వు క్లాసు టైంల ఫోన్ చెయ్యవు."

"ఒక పిల్ల మీ నోట్సు తప్పంటుంది సార్."

"ఏ పిల్ల?"

"సెకండియర్. మలేరియా వచ్చి పదిహేను రోజులు ఊరికి పోయొచ్చింది."

"జ్వరం తగ్గిందా?"

"తగ్గింది సార్."

"మరింకా గట్లెందుకు మాట్లాడుతుంది?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సంగతి మొత్తం చెప్పింది. ప్రీ-ఫైనల్ పరీక్ష అయిపోయింది. లెక్కల్లో డెబ్భై అయిదుకు యాభై తెచ్చుకున్న పిల్లలను ఖమ్మంలో ఇంజనీరింగ్ ఎంట్రెన్సు కోచింగుకు పంపిస్తారు. అక్కడే హాస్టలు, అక్కడే తిండి. ఈ కాలేజీలో ఎంట్రెన్సు చదువు చెప్పేవాళ్లు లేరు. ఖమ్మం పోని పిల్లకు ఇంజనీరింగ్ అన్న మాట ఇక్కడితో ముగిసినట్టే. లిస్టు ఆ సాయంత్రం నాలుగింటికి ప్రిన్సిపాల్ పంపించాలి. ఈ పిల్లకు వచ్చినవి నలభై ఆరు. ఏడు మార్కుల ఇంటిగ్రేషన్ లెక్క ఒకదానిలో రెండే పడ్డాయి, ఎందుకంటే జవాబు నోట్సులో ఉన్నట్టు రాలేదు. ఆ లెక్క నాది.

"నువ్వు చూసినవా?" అన్నాను.

"రాత్రి నుంచి చూస్తున్న సార్. పిల్లది చూస్తే పిల్లది రైటనిపిస్తుంది. మీది చూస్తే మీది రైటనిపిస్తుంది. అందుకే మీరొస్తే..."

నేనొస్తానని పెద్ద మనసుతో ఒప్పుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఎర్ర పెన్ను పెట్టుకున్నాను. షేరాటోలో డ్రైవరు పక్కన సగం సీటు దొరికింది. ఇటు గోదావరి మీద మంచు, అటు కల్లాల్లో మిరపకాయలు. దారి పొడుగునా నేను ఆ పిల్లకు ఏం చెప్పాలో మనసులో తయారు చేసుకుంటూ పోయాను. తప్పు చేయడం తప్పు కాదమ్మా, తప్పని ఒప్పుకోకపోవడం తప్పు అన్న వాక్యం దగ్గర నాకే ముచ్చటేసింది.

ఇక్కడ కథను టీకొట్టు దగ్గర నేను ఎలా చెబుతానో ముందు చెబుతాను. స్టాఫ్ రూంలో అడుగుపెట్టాను, బల్ల మీదున్న రెండు కాగితాల మీద ఒకే ఒక్క చూపు వేశాను, కూర్చోకుండానే "ఇదిగో తప్పు" అని వేలు పెట్టాను. వినేవాళ్లు తలలూపుతారు.

జరిగింది వేరు. నాకు నలభై నిమిషాలు పట్టింది. రెండు టీలు తాగాను. అందులో మొదటి పాతిక నిమిషాలు నేను నా కాగితం వైపు చూడనేలేదు, పిల్ల కాగితంలోనే తప్పు వెతికాను.

పిల్ల బల్లకు అటువైపు నిలబడింది. వాళ్ల ఊరు ములకలపల్లి అవతల అడవిలోనట. ఇంట్లో కోయ మాట్లాడతారు, తండ్రి పోడు చేను చేస్తాడు. జ్వరం వదిలిన ముఖం, బిగించి అల్లిన రెండు జడలు. కూర్చోమంటే కూర్చోలేదు. నేనడిగినదానికి జవాబు చెప్పడం, మళ్లీ నోరు మూసుకోవడం, అంతే.

ప్రశ్న ఇది. సున్న నుంచి ఒకటి దాకా, పైన x, కింద 1 + x⁴. దీన్ని ఇంటిగ్రేట్ చేయాలి. నోట్సులో జవాబు π/4. పిల్ల రాసింది π/8, సరిగ్గా సగం.

"x స్క్వేర్‌ని t అనుకున్నవా?" అన్నాను.

"అవ్ సార్."

"లిమిట్లు మార్చినవా? t వేసినంక కూడా x లిమిట్లే ఉంచితే లెక్క పోతది. నువ్వు మార్చకుండనే వదిలిపెట్టినట్టున్నవ్. సున్న సున్నలెక్కనే, ఒకటి ఒకటిలెక్కనే ఉన్నయ్."

"మార్చిన సార్. x సున్నైతే t సున్న, x ఒకటైతే t ఒకటి. పక్కకు రాసిన."

రాసింది. మార్జిన్‌లో చిన్న పట్టిక గీసి మరీ రాసింది. నేను అద్దాలు తుడుచుకున్నాను. పట్టు చిక్కనప్పుడు అద్దాలు తుడుచుకోవడం ముప్పై ఏళ్ల అలవాటు.

"టాన్ ఇన్వర్స్ ఒకటి ఎంత?"

"π బై ఫోర్ సార్."

"మరి నువ్వు ఎయిట్ ఎందుకేసినవ్?"

"ముందట ఒకటి బై రెండున్నది కద సార్."

"ఆ ఒకటి బై రెండు ఎక్కడికెళ్లొచ్చింది?"

ఆ ప్రశ్నతో దొరికిపోతుందనుకున్నాను. పిల్ల వంగి తన కాగితం మీద ఒక వరుసను చూపించింది. 2x dx = dt. దాని కింద x dx = dt/2.

లెక్కలతో పరిచయం లేనివాళ్లకు ఇది చెప్పాలి, ఎందుకంటే సంగతంతా ఈ వరుస దగ్గరే ఉంది. x² ఉన్నచోట t అని పేరు మార్చుకుంటే లెక్క తేలికవుతుంది. కానీ పేరొక్కటి మారిస్తే చాలదు, పక్కనున్న dx కూడా మారాలి. x² ను అవకలనం చేస్తే 2x వస్తుంది కాబట్టి 2x dx అంటే dt. మన లెక్కలో ఉన్నది 2x dx కాదు, ఉత్త x dx. అందుకే అది dt కాదు, dt లో సగం. ఆ సగం లెక్క ముందు నిలబడి చివరిదాకా వెంట రావాలి. పిల్ల కాగితంలో వచ్చింది.

అప్పుడు నోట్సు తీశాను. నా పాత విద్యార్థిని, అక్కడి పిల్లలకు మేడం, తన బీరువాలో ఉంచుకున్న జిరాక్సు ప్రతి. అందులో, నా చక్కటి చేతిరాతలో, x² = t అన్న వరుస కింద నేరుగా x dx = dt అని ఉంది. రెండు లేదు, సగమూ లేదు. ఆ తర్వాత అన్నీ సరైన మెట్లే. చివర పెట్టెలో π/4.

అయినా నేను ఒప్పుకోలేదు. నా పక్కన కూర్చున్న మేడం ఒక చిత్తుకాగితం లాక్కుని మెల్లగా అంది, "సార్, ఎదురునుంచి చూద్దామా? జవాబును డిఫరెన్షియేట్ చేస్తే ప్రశ్న రావాలె కద."

"చెయ్," అన్నాను.

నా సాధనలో వచ్చిన టాన్ ఇన్వర్స్ x² ను అవకలనం చేసింది. పైన 2x, కింద 1 + x⁴ వచ్చాయి. మా ప్రశ్నలో పైన ఉన్నది x మాత్రమే. అంటే నా సాధన ప్రకారం వెనక్కి నడిస్తే ప్రశ్నకు రెట్టింపు దగ్గర తేలుతున్నాం. మేడం ఆ 2 చుట్టూ సున్న చుట్టి, కలం కింద పెట్టి, నా వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల కదా, మర్యాద తెలుసు.

నేనింకా ఏదో అనబోతున్నాను. అప్పుడు పిల్ల మొదటిసారి తనంత తానుగా మాట్లాడింది.

ఇక్కడ టీకొట్టు కథలో ఆ పిల్ల, "సార్, మాది మూడు మూలల చెల్క. చెల్క లోపలేసిన కంది చెల్క కన్న పెద్దగెట్లుంటది సార్?" అంటుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్లు అబ్బ అంటారు. ఆ మాట నేను కల్పించింది. అడవి పిల్ల అయితే చేనూ చెట్టూ తెచ్చి మాట్లాడాలని నాకెందుకనిపించిందో తెలియదు. ఆమె అన్నది ఇంతే, "సార్, నోట్సు ఆన్సరు ట్రయాంగిల్ కన్న పెద్దగొస్తుంది."

"ఏ ట్రయాంగిల్?"

కాగితం వెనక్కి తిప్పింది. అక్కడ ముందే వేసి పెట్టుకుంది. అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, సున్న దగ్గర మొదలై ఏటవాలుగా పైకెళ్లే y = x అనే గీత, ఒకటి దగ్గర నిలువుగా ఒక కోత. మూడు గీతల మధ్య ఒక త్రిభుజం. దాని లోపల, ఆ ఏటవాలు గీతకు దిగువన, మన లెక్క తాలూకు వంపు. ఇంటిగ్రేషన్‌తో వచ్చే జవాబంటే ఆ వంపు కింద ఉన్న వైశాల్యమే.

"కింద 1 + x⁴ ఉన్నది కద సార్. అది ఒకటి కన్న తక్కువ కాదు. x ని దాంతోని భాగిస్తే x కన్న పెద్దగ రాదు. గందుకే వంపు గీత ఎన్నడు ఈ గీత మీదికి పోదు. ట్రయాంగిల్ మొత్తం సగం సార్, పాయింట్ ఫైవ్. π బై ఫోర్ అంటే పాయింట్ సెవెన్ ఎయిట్. లోపలిది బయటిదానికన్న ఎక్కువెట్లైతది?"

π/8 అయితే పాయింట్ త్రీ నైన్. త్రిభుజంలో హాయిగా ఇముడుతుంది.

ముప్పై ఏళ్లు ఆ లెక్కను బోర్డు మీద వేశాను. ఒక్కసారి కూడా దాని బొమ్మ వేయలేదు. బొమ్మ వేసుంటే మొదటి సంవత్సరమే దొరికేది. ఆ మాట ఆమెతో అన్నానని చెప్పుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది గానీ, అప్పుడు నేనన్నది, "ఈ బొమ్మ ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్పలే సార్. జ్వరంల ఇంటికాడ నోట్సు లేదు. టెక్స్ట్‌బుక్కు ఒక్కటే ఉన్నది. దాంట్ల ఏరియా అంటే ఏందో రాసున్నది."

అదీ సంగతి. తరగతిలో ఉన్న పిల్లలందరూ నా సాధన దింపుకుని π/4 అని రాశారు. జ్వరమొచ్చి క్లాసు తప్పిన పిల్ల ఒక్కతే సరిగ్గా రాసింది. తిరిగొచ్చాక స్నేహితురాలి నోట్సు చూసి, సగం ఎందుకు లేదో అర్థంకాక, మూడు రోజులు తన లెక్కనే కొట్టేసి మళ్లీ చేసిందట. పరీక్షలో మాత్రం తనకొచ్చినట్టే రాసింది.

మేడం తన ఎర్ర పెన్ను తీసి రెండును కొట్టేసి ఏడు వేసింది. నలభై ఆరు యాభై ఒకటైంది. ఇక ప్రిన్సిపాల్ సంతకం కావాలి. టైము రెండున్నర.

ప్రిన్సిపాల్ మేడం గదిలోకి మేమిద్దరం వెళ్లాం. పిల్ల గుమ్మం బయట నిలబడింది. ప్రిన్సిపాల్ గారిది కెమిస్ట్రీ. మనిషి మెతక, రిజిస్టర్ దగ్గర మాత్రం రాయి.

"మార్కులు పోయిన వారమే రిజిస్టర్‌లో ఎక్కినయ్," అందామె. "ఇప్పుడు దిద్దాలంటే కారణం రాయాలె. పైవాళ్లు అడుగుతరు. ఒక్క పిల్లకే, సరిగ్గ కటాఫ్ దగ్గరున్న పిల్లకే మార్కులు ఎట్ల పెరిగినయ్ అంటరు. ఏమని రాయను?"

"జిరాక్సు తప్పని రాయండి," అన్నాను నేను, తడుముకోకుండా. "కాపీకి కాపీ తీస్తే అక్షరాలు ఎగిరిపోతయ్. ఒకటి బై రెండు ఎగిరిపోయింది."

చాలా బాగా చెప్పాననుకున్నాను. ఆమె ఆలోచించి అంది, "జిరాక్సుల పోతే క్లాసుల చెప్పేటప్పుడు మేడంకు తెలవాలె కద. కీ కూడ ఆమెనే చేత్తోని రాసింది. అయితే ఆమె నిర్లక్ష్యం అని రాయాలె. లేకుంటే ఈసారికి వదిలేద్దాం సార్. పిల్ల వచ్చే ఏడు రాసుకుంటది."

నా పక్కన మేడం ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నాదే అని రాయండి మేడం," అంది.

ఇక్కడ మళ్లీ నన్ను నేను పెంచుకోవచ్చు, అప్పుడే లేచి నిజం చెప్పానని. అలా లేవలేదు. జిరాక్సు కాగితాన్ని చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ప్రశ్నలో ఒకటి కనబడింది. ఇంటిగ్రేషన్ గుర్తుకూ x కూ మధ్య ఒక అంకె పట్టేంత ఖాళీ. ఖాళీలో లేత బూడిదరంగు మరక.

అది చూడగానే చేతికి బ్లేడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో సిరా రాతను తుడవాలంటే సగం బ్లేడుతో గీకేవాళ్లం. గీకినచోట కాగితం నూగులేచి, జిరాక్సు తీస్తే మరకలా వచ్చేది. ఆ లెక్క మొదట పైన 2x తోనే ఉండేది. 2x తో ఉంటే x² = t అనగానే 2x dx మొత్తం dt అయిపోతుంది, సగం గొడవే లేదు, జవాబు π/4, నిక్షేపంలాంటి లెక్క. ఒక రోజు రెండో లెక్చరర్ నా నోట్సు తిరగేసి, "అన్ని పుస్తకంలయే కద, మీ సొంతం ఏమున్నయ్?" అన్నాడు. అంతే. ఆ మధ్యాహ్నమే బ్లేడు తీసుకుని ప్రశ్నల్లో అక్కడో అంకె, ఇక్కడో అంకె గీకేశాను. ఈ ప్రశ్నలో 2 గీకాను. సాధనలో 2x dx = dt అన్నచోట కూడా, ప్రశ్నకు సరిపోవాలని, 2 గీకాను. జవాబు జోలికి పోలేదు. లెక్క సొంతమైంది, తప్పయింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అది గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. ఏళ్ల కిందట క్లాసులో వెనక బెంచీ నుంచి ఒకతను లేచి, "సార్, సగం ఎటు పోయింది?" అని అడిగాడు. "నీ బుర్రలకెళ్లి పోయింది, కూర్చో," అన్నాను. క్లాసంతా నవ్వింది. అంతమందిని ఒక్క మాటతో నవ్వించానని ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. అతను సంవత్సరమంతా మళ్లీ లేవలేదు. పరీక్షలో π/8 వేసి కొట్టేసి π/4 వేసుంటాడు. అతనొక్కడేనో, ఇంకెందరో.

"మేడం," అన్నాను ప్రిన్సిపాల్‌తో. "తెల్లకాగితం ఇవ్వండి."

"ఎందుకు సార్?"

"కారణం నేను రాస్త. జిరాక్సు తప్పు కాదు, ఈమె తప్పు కాదు. జిరాక్సు పాపం ఉన్నదున్నట్టు దింపింది, నేను గీకిన మరక కూడ దింపింది."

వేలితో చూపించాను. ఆమె కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చాలాసేపు చూసింది.

"గీకిందెవరు?"

"నేనే."

"ఎందుకు?"

"గొప్ప కోసం," అన్నాను. అంతకన్నా మంచి మాట దొరకలేదు.

నా జన్మలో రాసిన పొట్టి నోట్సు అదే. ప్రశ్న, సరైన సాధన అయిదు వరుసల్లో, ఎదురుగా తప్పు సాధనలో తప్పు వరుస కింద గీత. ఈ పొరపాటు మూల నోట్సులో నేను చేసినది, పిల్ల సాధన సరైనది, మార్కులు పూర్తిగా ఇవ్వవలసినది అని సంతకం. సంతకం కింద రిటైర్డ్ లెక్చరర్ అని రాశాను. ఇంకో రెండు బిరుదులు కూడా రాయబోయి మానుకున్నాను.

ప్రిన్సిపాల్ చదివి తలెత్తింది. "మరి π బై ఫోర్ రాసిన పిల్లల సంగతేంది? వాళ్లకు తగ్గించాలె కద?"

నేను తగ్గించాలనే అనబోయాను. లెక్క లెక్కే. మేడం నాకన్నా ముందు మాట్లాడింది. "వాళ్లు నేను చెప్పిందే రాసిండ్రు మేడం. నేను నేర్పిన తప్పుకు వాళ్లకు కోత పెట్టను. రేపు క్లాసుల మళ్ల చెప్త, అందరితోని మళ్ల చేయిస్త. లిస్టుల ఉన్నోళ్లు ఎవరు పోరు, ఈమె ఒక్కతి కలుస్తది."

ప్రిన్సిపాల్ నా వైపు చూసింది. "సార్, మీరేమంటరు?"

"నేననే స్థితిలో ఉన్ననా?" అన్నాను. ఆమెకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

రిజిస్టర్‌లో దిద్ది, పక్కన పొట్టి సంతకం చేసి, నా కాగితాన్ని దానికి పిన్ను కొట్టింది. లిస్టు కంప్యూటర్‌లో ముందే సిద్ధమైంది. కంప్యూటర్ నడిపే అటెండర్ ఊళ్లోకి పోయాడు, కరెంటు అప్పుడే పోయింది. ఆమె ఇంకాసేపు చూసి, ముందు తీసిపెట్టిన ప్రింటు మీదే చివరి పేరు కింద చేత్తో ఒక పేరు రాసింది. అచ్చులో ఉన్న పదకొండు పేర్ల కింద నీలం సిరాతో పన్నెండోది. ఫోన్లో ఫొటో తీసి పంపింది. సిగ్నల్ కోసం వరండా చివరి మెట్టు దాకా నడవాల్సి వచ్చింది. పోయిందని ఫోన్ చెప్పేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

పిల్ల అంతసేపూ గుమ్మం పక్కనే ఉంది. మేడం వెళ్లి చెప్పింది. పిల్ల గెంతలేదు, ఏడవలేదు. "ఎప్పుడు పోవాలె?" అంది. సోమవారం అని చెబితే, "అయితే రేపు ఊరికి పోయొస్త మేడం, ఇంట్ల చెప్పి దుప్పటి తెచ్చుకుంట," అంది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెబుతుందనుకుని, అక్కర్లేదమ్మా అనే ముఖం సిద్ధం చేసుకున్నాను.

"సార్, ఒకటి అడగాలె."

"అడుగు బిడ్డా."

"మీరు బ్లేడుతోని ఇంకేమేం గీకిండ్రు?"

తలుపు పల్చటిదని అప్పుడు తెలిసింది నాకు.

"గుర్తు లేదు," అన్నాను. ఈసారి అది నిజం. "అక్కడక్కడ మరకలుంటయ్. వెతకాలె."

"నోట్సు తీసుకపోవచ్చా సార్, ఖమ్మం? నేను వెతుకుత."

మేడం బీరువాలోంచి జిరాక్సు తీసి ఇచ్చింది. నేను నా ఎర్ర పెన్ను ఇచ్చాను. పిల్ల పెన్ను మూత తీసి, అరచేతి మీద ఒక గీత గీసి, సిరా ఉందో లేదో చూసుకుంది. బాగానే ఉంది. దానితో నేను ఆ రోజు ఒక్క అక్షరం కూడా దిద్దలేదు కదా.

ఆ తర్వాత వారానికోసారి మేడం ఫోన్‌కు ఖమ్మం నుంచి ఫొటోలు వచ్చేవి, ఆమె నాకు పంపేది. నా చేతిరాత, పక్కన ఎర్ర గీత, కింద రెండు మూడు వరుసలు. ఎక్కువ చోట్ల ఏమీ లేదు, పిల్ల అనుమానపడి బొమ్మ వేసి చూసుకుని, రైటే అని రాసింది. ఆ రైట్లు చూసుకుని నేను ఒకటి రెండు రోజులు గర్వంగా తిరిగేవాణ్ని. నాలుగు చోట్ల తప్పులు పట్టింది. ఒక చోట cos x = t అనుకున్నాను. అక్కడ sin x dx అంటే మైనస్ dt. నేను మైనస్ లేకుండా dt అని రాసి, ఒకటి నుంచి సున్నకు వెళ్లాల్సిన లిమిట్లను సున్న నుంచి ఒకటికి తిప్పి రాశాను. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు సరిగ్గానే వచ్చింది. అది తెలిసే చేశానని మేడంతో వాదించాను. తర్వాత ఒప్పుకున్నాను, తెలియక చేసిందే.

కోచింగ్ అయిపోవస్తుండగా ఒకసారి పిల్లే నేరుగా ఫోన్ చేసింది.

"సార్, ఇక్కడ కూడ మెటీరియల్ ఇచ్చిండ్రు. అచ్చేసింది, గట్టి అట్ట."

"మంచిదే. చదువుకో."

"దాంట్ల ఒక లెక్క జవాబుకు మైనస్ వస్తుంది సార్. ఫంక్షన్ అంతా పాజిటివ్. లిమిట్లు కూడ చిన్నదాన్నుంచి పెద్దదానికే. ఏరియా మైనసెట్లొస్తది?"

"రాదు."

"ఇక్కడి సార్‌ను అడగాల్నా?"

"బొమ్మ వేసుకుని పో," అన్నాను. "క్లాసును నవ్వించి నిన్ను కూర్చోబెట్టాలని చూస్తడు. కూర్చోకు."

"అవ్ సార్," అని పెట్టేసింది. క్లాసుకు టైమైనట్టుంది.